సంతకం లేదు... వెనక పేజీ రాలేదు!

బ్యాంకు పేరున్న కవరు ఇంటికొచ్చిందంటే చాలామందికి మొదట తోచేది ఒకటే... ‘లోను రాలేదన్నమాట’. కవరు విప్పుతారు. ‘దరఖాస్తు అసంపూర్తిగా ఉంది, సంతకాలు లేవు, ఆదాయ రుజువు పత్రాలు పూర్తిగా లేవు’ అన్న వాక్యం కనబడగానే నీరసపడిపోతారు. ఆ ఉత్తరాన్ని మడిచి టీవీ కింద పెట్టేస్తారు. ‘ఆదివారం తీరిగ్గా చూద్దాంలే’ అనుకుంటారు. ఆ ఆదివారం రావడానికి ఒక్కోసారి నెల పడుతుంది.

నిజానికి అది తిరస్కరణ లేఖ కాదు. దరఖాస్తు చూశాం, ఫలానాచోట ఆగిపోయాం, ఫలానావి ఇస్తే ముందుకు కదులుతాం అని చెప్పే ఉత్తరం. కాదన్న ఉత్తరం వేరేగా ఉంటుంది. రుణం ఇవ్వలేకపోతే ముఖ్యమైన కారణాలను దరఖాస్తుదారుకు రాతపూర్వకంగా చెప్పాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. అలాగే దరఖాస్తు అందినట్టు రసీదు ఇవ్వాలనీ, ఇంకేమైనా పత్రాలు కావాలంటే ఆ సంగతి వెంటనే తెలియజేయాలనీ 2003లో రుణదాతల కోసం తెచ్చిన నియమావళిలోనే ఉంది. కాబట్టి ఈ ఉత్తరం రాయడం ఆ అధికారి బాధ్యత. దాన్ని అందుకున్నవాళ్లు ఎంత త్వరగా స్పందిస్తారన్న దాని మీద మాత్రం ఒక్కోసారి ఇల్లే ఆధారపడి ఉంటుంది.

ఎలాగంటారా? ఒక ఉదాహరణ చూద్దాం.

ముప్ఫై రెండు లక్షల ఫ్లాటు

గుంటూరులో ఓ జంట ఉందనుకుందాం. భర్తది ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం. కోతలన్నీ పోను చేతికొచ్చేది నెలకు రూ.42 వేలు. భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు. జీతం రూ.18 వేలు, బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. రూ.32 లక్షలకు ఫ్లాటు బేరం కుదిరింది. జూన్ 1న రూ.2 లక్షలు అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాసుకున్నారు. 60 రోజుల్లో, అంటే జూలై 31లోగా మిగతా సొమ్ము చెల్లించి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. లేదంటే అడ్వాన్సు తిరిగి అడగకూడదు. ఇదీ ఒప్పందం. దాచుకున్నది పోను బ్యాంకు నుంచి రూ.25 లక్షలు కావాలి. ఇద్దరి పేరునా ఉమ్మడిగా దరఖాస్తు నింపారు. ఇద్దరూ సంతకాలు పెట్టారు. జూన్ 9న బ్యాంకులో ఇచ్చి రసీదు తెచ్చుకున్నారు. నాలుగు రోజులు తిరగ్గానే ఈ ఉత్తరం...

‘గౌరవనీయులైన దంపతులకు,

గృహరుణం కోసం మీరిచ్చిన దరఖాస్తు జూన్ 9న మాకు అందింది. పరిశీలనలో ఈ కింది లోపాలు కనిపించాయి.

దరఖాస్తు ఫారం మొత్తం 16 పేజీలు. మాకు అందింది జిరాక్సు ప్రతి. అందులోనూ 1, 3, 5... ఇలా బేసి సంఖ్య పేజీలు ఎనిమిదే ఉన్నాయి. ధ్రువీకరణ, సంతకాలు ఉండాల్సిన 16వ పేజీ లేదు. అందువల్ల మీ ఇద్దరి సంతకాలూ మా దగ్గర లేనట్టే.

భర్త గారి ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటులో 2, 4, 6 పేజీలు లేవు. రెండేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులకు రసీదు పేజీలు మాత్రమే అందాయి. ఆదాయం లెక్క చూపే పేజీలు జత చేయలేదు. భార్య గారి ఉద్యోగ ధ్రువపత్రం ముందువైపు మాత్రమే వచ్చింది. జీతం వివరాలున్న వెనకవైపు రాలేదు. ఆమె జీతం జమయ్యే ఖాతా స్టేట్‌మెంటు అసలు లేదు.

మీరు సంతకాలు చేసిన అసలు ఫారాన్ని, పైన చెప్పిన పత్రాలను జూన్ 23లోగా శాఖలో ఇవ్వగలరు. సరిపోల్చుకోవడానికి ఒరిజినల్స్ వెంట తీసుకురండి. చూసి వెంటనే తిరిగి ఇచ్చేస్తాం. మీ ఇద్దరూ వస్తే మంచిది. ఒకరి బదులు మరొకరు సంతకం చేయవద్దు. ఖాళీ కాగితాల మీద సంతకాలు చేసి ఎవరికీ ఇవ్వవద్దు.

మీ దరఖాస్తును మేం తిరస్కరించలేదు. ఈ పత్రాలు అందిన రోజు నుంచి పరిశీలన మొదలవుతుంది. సంతకాలు లేనందున మీ రుణ చరిత్ర నివేదికను ఇంకా తెప్పించలేదు.

ఇట్లు,
రుణ విభాగం అధికారి’

జరిగిందేంటంటే...

ఆ దంపతులు సంతకాలు పెట్టకపోలేదు. ఫారం రెండువైపులా అచ్చయి ఉంది. మన దగ్గర కూడా ఒక ప్రతి ఉండాలి కదా అని జిరాక్సు తీయించారు. షాపులో మిషను ఒకవైపే తీసింది. ఎనిమిది కాగితాల్లో ముందువైపులు వచ్చాయి, వెనకవైపులు పోయాయి. రెండు కట్టలూ చూడ్డానికి ఒకే మందంలో ఉన్నాయి. కంగారులో జిరాక్సు కట్ట బ్యాంకుకు వెళ్లింది, సంతకాలున్న అసలు కట్ట ఇంట్లో బీరువాలో ఉండిపోయింది.

ఇలాంటి పొరపాటును ఇంట్లోనే పట్టుకోవచ్చు. కాగితాల కట్టను కాకుండా అడుగున ఉన్న పేజీ నంబర్లను లెక్కపెట్టాలి. ఒకటి తర్వాత మూడు వచ్చిందంటే వెనకవైపు పోయిందని అర్థం. బ్యాంకు స్టేట్‌మెంటుకైతే ఇంకో గుర్తు కూడా ఉంది. ఒక పేజీ చివర ఉన్న నిల్వ, తర్వాతి పేజీలో మొదటి లావాదేవీకి సరిపోవాలి. మొదటి పేజీ చివర రూ.11,240 ఉండి, రెండో కాగితం రూ.36 వేల నిల్వతో మొదలైతే మధ్యలో ఏదో జారిపోయినట్టే. అధికారి కూడా సరిగ్గా ఇలాగే పట్టుకుంటారు.

ఒక్క సంతకానికి ఇంత రాద్ధాంతమా?

‘మేమే స్వయంగా వెళ్లి ఇచ్చాం కదా, ఆధార్ కూడా ఇచ్చాం, ఇంకా సంతకం ఎందుకు?’ అనిపించడం సహజం. అసలు విషయం ఫారం చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇందులో రాసినవన్నీ నిజం, నాకున్న ఇతర అప్పులన్నీ చెప్పాను, నా ఉద్యోగం, చిరునామా గురించి మీరు వాకబు చేసుకోవచ్చు, రుణ సమాచార సంస్థల నుంచి నా నివేదిక తెప్పించుకోవచ్చు... ఇలాంటి హామీలు, అనుమతులు అన్నీ అక్కడే ఉంటాయి. వాటి కింద పెట్టే సంతకమే వాటికి ప్రాణం. అది లేకపోతే మిగతా పదిహేను పేజీలూ ఎవరో నింపిన వివరాలు మాత్రమే.

అందుకే సంతకం లేని ఫారాన్ని పట్టుకుని అధికారి సిబిల్ వంటి సంస్థల నుంచి నివేదిక తెప్పించరు. కొత్త అప్పు కోసం నివేదిక తెప్పించిన ప్రతిసారీ ఆ సంగతి ఖాతాదారు రుణ చరిత్రలో నమోదవుతుంది. తక్కువ కాలంలో ఇలాంటివి ఎక్కువైతే ‘ఈయన అప్పు కోసం నాలుగు చోట్ల తిరుగుతున్నాడు’ అనే అనుమానం వస్తుంది. స్కోరు కూడా కొంత తగ్గవచ్చు. నివేదికను ఎవరైనా చూస్తే ఖాతాదారుకు ఎస్‌ఎంఎస్ లేదా ఈమెయిల్ ద్వారా తెలియజేయాలని 2023లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది కూడా. రేపు ఖాతాదారు వచ్చి ‘ఎవరినడిగి చూశారు?’ అంటే చూపించడానికి బ్యాంకు దగ్గర ఆ సంతకం ఉండాలి.

మన ఇళ్లలో తరచూ జరిగేది మరొకటుంది. ‘ఆవిడ స్కూలుకెళ్లింది, నేను పెట్టేస్తాలే’ అంటూ భార్య సంతకం భర్తే చేసేస్తాడు. ఇంట్లో అది చిన్న సాయం. బ్యాంకులో అది దొంగ సంతకం. ఉమ్మడి దరఖాస్తులో సంతకం చేసిన ప్రతి ఒక్కరూ మొత్తం అప్పుకి బాధ్యులు. భర్త కట్టలేకపోతే భార్య కట్టాలి. అంత బరువు ఆమెకు తెలిసే నెత్తికెత్తుకుందని చెప్పేది ఆమె చేతి సంతకం ఒక్కటే.

సంతకం ఉన్నా ఒక్కోసారి పేచీ వస్తుంది. పాన్ కార్డు మీద ఇంగ్లిషులో పెడతారు, బ్యాంకు ఖాతాలో తెలుగులో పెట్టి ఉంటారు. తెలుగు సంతకం చెల్లదని కాదు, నిక్షేపంగా చెల్లుతుంది. కానీ ఒక మనిషి సంతకం అన్ని కాగితాల మీదా ఒకేలా ఉండాలి. పెళ్లయిన ఆడవాళ్ల విషయంలో ఇంటిపేరు తిరకాసు ఒకటి. పాన్‌లో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు. అలాంటప్పుడు ఎలా సంతకం చేయాలో, పేరు తేడాకి ఏ పత్రం ఇవ్వాలో అధికారిని ముందే అడగడం మేలు. లేకపోతే ఇదే తరహాలో రెండో ఉత్తరం వస్తుంది.

ఆ వెనక పేజీ విలువ నాలుగున్నర లక్షలు

సంతకాలు పెట్టేస్తే ఒక పని అయిపోయింది. ఆదాయ పత్రాల సంగతి వేరు. ఎంత అప్పు వస్తుందో తేల్చేవి అవే.

ఇంటి అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకు ఒక లెక్క వేస్తుంది. నెలాదాయంలో ఇంత భాగం వరకే అన్ని వాయిదాలూ కలిపి ఉండాలి అనేది ఆ లెక్క. ఆ భాగం బ్యాంకును బట్టి, ఆదాయాన్ని బట్టి మారుతుంది. మన ఉదాహరణలో సగం అనుకుందాం. వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్లు అనుకుంటే లక్ష రూపాయల అప్పుకి నెలవాయిదా సుమారు రూ.868 పడుతుంది.

భార్య పత్రాలు లేకపోతే లెక్కలోకి వచ్చేది భర్త జీతం ఒక్కటే. రూ.42 వేలల్లో సగం రూ.21 వేలు. ఆయనకు బైకు లోను వాయిదా రూ.3,200 ఉందనుకుందాం. అది తీసేస్తే ఇంటికి మిగిలేది రూ.17,800. దాన్ని 868తో భాగిస్తే వచ్చే అప్పు రూ.20.5 లక్షలు. అడిగింది రూ.25 లక్షలు. అంటే నాలుగున్నర లక్షలు తక్కువ!

ఆమె జీతం కూడా కలిపితే ఇద్దరి ఆదాయం రూ.60 వేలు. సగం రూ.30 వేలు. బైకు వాయిదా పోను రూ.26,800. ఆ లెక్కన దాదాపు రూ.30.9 లక్షల దాకా అర్హత ఉంది. అడిగిన రూ.25 లక్షలకు వాయిదా సుమారు రూ.21,700. సులువుగా సరిపోతుంది.

జిరాక్సు మిషను మింగేసిన ఆ వెనక పేజీ, జత చేయడం మరిచిపోయిన ఆమె స్టేట్‌మెంటు... ఫ్లాటు దక్కడానికీ, అడ్వాన్సు పోవడానికీ మధ్య ఉన్నవి ఇవే. అధికారి ‘ఆమె కూడా సంపాదిస్తోందట’ అని నోటిమాట మీద రూ.18 వేలు కలపలేరు.

ఒకటి చాలదా?

జీతం చిట్టీ ఇచ్చాక స్టేట్‌మెంటు ఎందుకు, స్టేట్‌మెంటు ఇచ్చాక రిటర్నులు ఎందుకు? ఇది చాలామంది విసుగు. ఒక్కో కాగితం ఒక్కో సంగతి చెబుతుంది, ఒకటి చెప్పింది నిజమో కాదో ఇంకొకటి తేలుస్తుంది. జీతం చిట్టీలో మొత్తం జీతం, పీఎఫ్, సొసైటీ అప్పు లాంటి కోతలు కనిపిస్తాయి. చిట్టీలో చివరన ఉన్న అంకె, స్టేట్‌మెంటులో నెల మొదట్లో జమైన అంకె ఒకటే కావాలి. ఏడాది మొత్తం మీద ఆదాయం ఎంతో రిటర్ను చెబుతుంది. రిటర్ను దాఖలు చేసినట్టు వచ్చే రసీదులో మొత్తం అంకె ఉంటుంది గానీ, అది జీతమా, అద్దెలా, వడ్డీలా అన్న వివరం లోపలి పేజీల్లోనే దొరుకుతుంది. అందుకే ఒక్క రసీదు పేజీతో సరిపెడితే మళ్లీ అడుగుతారు. పన్ను కోత పడేవాళ్లకు కంపెనీ ఇచ్చే పత్రం, ఫారం 16 అనే పేరుతో అందరికీ పరిచయమైనది, దానిలోనూ ఇంతే. కోసిన పన్ను లెక్క ఒక భాగంలో, జీతం వివరాలు మరో భాగంలో ఉంటాయి. రెండూ కావాలి. జీతం తక్కువై పన్ను కోతే పడనివారికి ఆ పత్రం రాకపోవచ్చు. అప్పుడు చిట్టీలు, స్టేట్‌మెంటు, రిటర్నులే ఆధారం.

పేజీ జారిపోయిందని ఖాతాదారుకు తెలుసు. అధికారికి తెలియదు. స్టేట్‌మెంటులో మధ్య పేజీలు లేకపోతే ‘వాటిలో ఏముంది?’ అని ఆలోచించడం ఆయన పని. చెప్పని అప్పుకి కడుతున్న వాయిదానో, డబ్బు లేక వెనక్కి పోయిన చెక్కో అందులో ఉండవచ్చు. అడిగిన వెంటనే ఆ పేజీలు ఇస్తే అనుమానం అక్కడితో సరి.

కొందరు నిజంగానే ఓ పేజీ ఇవ్వడానికి జంకుతారు. మన టీచరమ్మ సంగతే తీసుకోండి. వేసవి సెలవుల్లో జీతం ఇవ్వని ప్రైవేటు స్కూళ్లు ఉన్నాయి. ఆమెకు ఏడాదికి 11 నెలలే జీతం వస్తుందనుకుందాం. మే నెల పేజీలో జమ కనపడదు. ‘అది చూస్తే లోను ఇవ్వరేమో’ అని భయం. లెక్క వేసి చూద్దాం. ఏడాదికి రూ.1.98 లక్షలు, నెలకు సగటున రూ.16,500. ఇద్దరిదీ కలిపి రూ.58,500. సగం రూ.29,250. బైకు వాయిదా పోను రూ.26,050. అయినా రూ.30 లక్షల దాకా అర్హత ఉంది. అడిగింది రూ.25 లక్షలే. పేజీ దాస్తే మొత్తం ఫైలు మీదే అనుమానం వస్తుంది. ఇచ్చి, పక్కన ఒక వాక్యం రాస్తే సరిపోయేది.

రోజుల లెక్క

ఉత్తరంలో అధికారి రాసిన ఒక మాట మళ్లీ చూడండి. ‘ఈ పత్రాలు అందిన రోజు నుంచి పరిశీలన మొదలవుతుంది.’ జూన్ 9న ఇచ్చాం కాబట్టి అప్పటి నుంచే లెక్క అనుకుంటే పొరపాటు. ఫైలు పూర్తయ్యాకే ఆదాయం లెక్క, రుణ చరిత్ర, ఇంటికీ ఆఫీసుకీ వచ్చి వాకబు, ఆస్తి దస్తావేజుల మీద లాయరు అభిప్రాయం, ఇంజినీరు విలువ కట్టడం ఉంటాయి. ఇవన్నీ కలిపి మూడు నాలుగు వారాలు పట్టాయనుకుందాం. జూన్ 16న పత్రాలు ఇచ్చేస్తే జూలై మధ్యకల్లా మంజూరు చేతికొస్తుంది, రిజిస్ట్రేషన్‌కు రెండు వారాలు మిగులుతాయి. అదే ఉత్తరాన్ని టీవీ కింద పెట్టి జూలై 7న వెళితే? నాలుగు వారాలకి ఆగస్టు వచ్చేస్తుంది. అగ్రిమెంటు గడువు జూలై 31తో దాటిపోతుంది. బ్యాంకు అప్పు ఇస్తుంది గానీ, అప్పటికి ఫ్లాటు ఉంటుందో లేదో!

పత్రాలు దొరకడం ఆలస్యమయ్యేలా ఉంటే గడువులోపే బ్యాంకుకు వెళ్లి ఆ మాట చెప్పి, ఇంకొన్ని రోజులు రాతలో అడగాలి. అలాగే ఫ్లాటు అమ్మేవారితోనూ మాట్లాడి, గడువు పొడిగించినట్టు అగ్రిమెంటు మీద ఇద్దరి సంతకాలతో రాయించుకోవాలి. నోటిమాట ఇక్కడా చాలదు.

ఉత్తరం అసలుదేనా?

బ్యాంకు పేరు చెప్పి మోసం చేసేవాళ్లూ ఇలాంటి సందేశాలే పంపుతుంటారు. తేడా కనిపెట్టడం కష్టం కాదు. నిజమైన ఉత్తరంలో దరఖాస్తు ఇచ్చిన తేదీ, ఏ పేజీ లేదో, ఏ పత్రం కావాలో స్పష్టంగా ఉంటుంది. ఓటీపీ అడగదు. ‘లోపం సరిచేయడానికి ఫీజు’ అంటూ ఎవరి సొంత ఖాతాకో డబ్బు పంపమనదు. అనుమానం వస్తే ఉత్తరంలో ఉన్న ఫోన్ నంబరుకు కాకుండా, పాస్‌బుక్ మీదున్న శాఖకే వెళ్లి అడగాలి. మధ్యలో ఏజెంటు ఉంటే ‘మీరు ఖాళీ ఫారం మీద సంతకాలు పెట్టివ్వండి, మిగతాది నేను నింపుకుంటాను’ అంటాడు. అలా పెట్టిచ్చిన సంతకం పైన ఎంత అప్పు, ఎంత గడువు పడుతుందో పెట్టినవారికే తెలియదు.

జవాబు ఇలా...

పత్రాలు తీసుకెళ్లేటప్పుడు ఊరికే కౌంటర్లో పెట్టి రాకూడదు. పైన ఒక చిన్న ఉత్తరం ఉండాలి. మన గుంటూరు దంపతులు రాయాల్సింది ఇంతే.

‘మీ జూన్ 13 నాటి ఉత్తరం అందింది. జిరాక్సు ప్రతి ఇవ్వడం మా పొరపాటు. ఇద్దరి సంతకాలున్న అసలు ఫారం, 16 పేజీలు, జత చేస్తున్నాం. భర్త ఖాతా స్టేట్‌మెంటు 6 పేజీలు, రెండేళ్ల రిటర్నులు పూర్తిగా, భార్య ఉద్యోగ ధ్రువపత్రం రెండువైపులా, ఆమె ఖాతా స్టేట్‌మెంటు 4 పేజీలు ఇస్తున్నాం. స్కూలు నిబంధన ప్రకారం ఆమెకు మే నెల జీతం ఉండదు. ఫ్లాటు అగ్రిమెంటు గడువు జూలై 31 అని గమనించగలరు.’

రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద అందినట్టు తేదీ, ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకోవాలి. రేపు ఏ పేజీ కనపడలేదన్నా ఎన్ని పేజీలిచ్చారో, ఏ రోజు ఇచ్చారో చెప్పేది ఆ కాగితమే.